కొత్త జ్ఞాపకం ఎలా ముడిపడుతుంది?

1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛలు తగ్గించేందుకు మెదడుకు రెండువైపులా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం తీసేశారు. మూర్ఛలు తగ్గాయి. కానీ ఆ తర్వాత పరిచయమైనవారు ఆయనకు గుర్తుండేవారు కాదు. చిన్ననాటి సంగతులు మాత్రం చెప్పగలిగేవారు.

ఒక సంఘటనలోని దృశ్యం, శబ్దం మెదడు పైపొరలో వేర్వేరు చోట్ల నమోదవుతాయి. వాటిని ఒక్కటిగా ముడివేసేది హిప్పోక్యాంపస్. అక్కడ కలిసి స్పందించిన నాడీకణాల మధ్య బంధాలు బలపడతాయి. నిద్రలో అదే క్రమం మళ్లీ మెదులుతూ, పైపొరలోని భాగాలు నెమ్మదిగా నేరుగా కలుస్తాయి. పాత జ్ఞాపకాలు అలా స్థిరపడినవే. ముడే పడకపోతే, దృష్టి మళ్లగానే కొత్త విషయం జారిపోతుంది.

అయినా అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడంలో మొలైసన్ రోజురోజుకూ మెరుగయ్యారు. ముందురోజు గీసిన సంగతి మాత్రం గుర్తులేదు. చేతి నైపుణ్యానికి మెదడులో వేరే దారి ఉందని బ్రెండా మిల్నర్ చేసిన ఈ పరీక్ష చూపింది.