సగం శక్తి ఎక్కడికి పోయింది?

మా వాడపల్లిలో శనివారం వచ్చిందంటే వెంకటేశ్వరస్వామి గుడి చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. ఏడు శనివారాల మొక్కువాళ్ళు ఎక్కడెక్కడినుంచో వస్తారు. అలాంటి ఒక వేసవి శనివారం మా ఇంట్లో ఫాను ఆగిపోయింది. స్విచ్చి వేస్తే సన్నగా మూలుగుతుంది గాని తిరగదు. రెక్కను కర్రతో కొద్దిగా తోస్తే నీరసంగా కదులుతుంది. ఈ లక్షణాలు కనబడితే ముందుగా అనుమానించవలసింది కండెన్సరునే. దీన్నే పుస్తకాల్లో కెపాసిటర్ అంటారు.

పాత కండెన్సరు మీద 2.5 మైక్రోఫారడ్లు, 440 వోల్టులు అని ఉంది. ఆ రద్దీలో రావులపాలెం వెళ్ళి కొత్తది తేవడం అయ్యే పని కాదు. ఎలక్ట్రీషియన్ సంచీలో 5 మైక్రోఫారడ్లవి రెండు ఉన్నాయి. వాటిమీదా 440 వోల్టులనే ఉంది. ఇంటరు చదువుతున్న మా మేనల్లుడు వెంటనే అందుకున్నాడు.

"రెండింటినీ సమాంతరంగా కలిపితే సరి మావయ్యా! సమాంతరంలో సగమవుతుంది కదా?"

"ఒరేయ్, అది రెసిస్టర్ల లెక్క. అలా కలిపావంటే పది అవుతుంది. ఫాను చుట్ట మాడుతుంది" అన్నాను.

వాడి తప్పు చాలామంది చేసేదే. సూత్రాలు బట్టీపట్టినవారికి ఏది ఎక్కడ వాడాలో తారుమారవుతుంది. అందుకని సూత్రాన్ని కాసేపు పక్కన పెట్టి వస్తువునే చూద్దాం.

కెపాసిటర్ అంటే రెండు లోహపు పలకలు, వాటి మధ్య విద్యుత్తును పోనివ్వని ఒక పొర. అంతే. పలకల వైశాల్యం పెరిగితే ఎక్కువ ఆవేశం పడుతుంది. మధ్య పొర మందం పెరిగితే తక్కువ పడుతుంది. రెండు కెపాసిటర్లను పక్కపక్కన పెట్టి, పై పలకలను ఒక తీగకూ కింది పలకలను ఇంకో తీగకూ తగిలించారనుకోండి. రెండు చిన్న పలకలు కలిసి ఒక పెద్ద పలక అయినట్టే కదా! కనుక సమాంతర సంధానంలో కెపాసిటీలు కూడుకుంటాయి: C = C₁ + C₂. 1740ల చివర అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇలాగే అనేక గాజుపలకల కెపాసిటర్లను కలిపి, ఆ వరుసకు "బాటరీ" అని పేరు పెట్టాడు. ఈనాడు మనం టార్చిలైటులో వేసే దానికి ఆ పేరు అక్కడినుంచే వచ్చింది.

ఇప్పుడు ఒకదాని తరవాత ఒకటి, అంటే శ్రేణిలో కలపండి. మొదటిదాని కింది పలక, రెండోదాని పై పలక ఒక తీగతో కలిసి ఉంటాయి. ఆ రెండు పలకలూ, ఆ తీగా కలిసి ఒక లంకలాంటివి. గోదావరి మధ్య లంకకు పడవ లేకపోతే రాకపోకలు ఎలా ఉండవో, ఈ లంకలోకి బయటినుంచి ఆవేశం రావడానికీ దారి లేదు, పోవడానికీ దారి లేదు. బాటరీ తగిలించినప్పుడు లంకలో ఉన్న ఆవేశమే ఒక పక్కకు రుణంగా, రెండో పక్కకు అంతే ధనంగా సర్దుకుంటుంది. కాబట్టి రెండు కెపాసిటర్ల మీదా ఒకే ఆవేశం ఉంటుంది. వోల్టులు మాత్రం పంచుకోబడతాయి. పొరల మందాలు కలిసి పెరిగినట్టు గనుక ఫలిత కెపాసిటీ తగ్గుతుంది: 1/C = 1/C₁ + 1/C₂. రెండే ఉంటే C = C₁C₂/(C₁ + C₂) అని రాసుకోవచ్చు.

మా ఫానుకు 5 × 5 ÷ 10, అంటే సరిగ్గా 2.5. ఎలక్ట్రీషియన్ మెయిన్ స్విచ్చి తీసి రెండింటినీ శ్రేణిలో బిగించాడు. ఫాను తిరిగింది. రెండూ సమానం కాబట్టి ఒక్కోదాని మీద పడేది సగం వోల్టులే. అవి సమానం కాకపోతే ఒక చిక్కుంది సుమా! ఆవేశం ఒకటే అయినప్పుడు చిన్న కెపాసిటర్ మీదే ఎక్కువ వోల్టులు పడతాయి. ఉదాహరణకు 3, 6 మైక్రోఫారడ్లను శ్రేణిలో కలిపి 9 వోల్టులిస్తే, చిన్నదాని మీద 6, పెద్దదాని మీద 3 వోల్టులు నిలుస్తాయి. శ్రేణిలో ఏది ముందు పాడవుతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇంకొక మాట. "శ్రేణిలో ఆవేశం సమానం" అన్నది లంక మొదట ఖాళీగా ఉన్నప్పుడే నిజం. ముందే ఒకదానిలో ఆవేశం మిగిలి ఉంటే ఆ సూత్రం చెల్లదు. దీన్ని గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఫాను కరెంటుతో మీరు ఆడవద్దు. మన ప్రయోగానికి 9 వోల్టుల చిన్న బాటరీ చాలు. రేడియో విడిభాగాల దుకాణంలో 1000 మైక్రోఫారడ్లు, 16 వోల్టులు అని రాసి ఉన్న కెపాసిటర్లు రెండు కొనండి. ఒక మల్టీమీటరు, ఒక 1000 ఓముల రెసిస్టరు దగ్గర పెట్టుకోండి. ఈ కెపాసిటర్ల పక్కన చారల గీత ఉన్న కాలు రుణం. దాన్ని బాటరీ ధనానికి తగిలిస్తే కెపాసిటర్ ఉబ్బి పగలవచ్చు. మొదట రెండింటి కాళ్ళనూ రెసిస్టరుతో కాసేపు కలిపి ఖాళీ చేయండి.

మొదటిదానికి బాటరీ తగిలించి తీసేయండి. మీటరు 9 వోల్టులు చూపిస్తుంది. దీన్ని రెండోదానితో ధనానికి ధనం, రుణానికి రుణం కలపండి. ఇప్పుడెంత? సుమారు 4.5. ఉన్న ఆవేశం రెండు సమానమైన పాత్రల్లోకి సర్దుకుంది కనుక వోల్టులు సగమయ్యాయి. ఇందులో వింతేమీ లేదు.

వింత శక్తి లెక్కలో ఉంది. కెపాసిటర్‌లోని శక్తి ½CV². మొదట 1000 మైక్రోఫారడ్లు, 9 వోల్టులు: 40.5 మిల్లీజౌళ్ళు. తరవాత 2000 మైక్రోఫారడ్లు, 4.5 వోల్టులు: 20.25 మిల్లీజౌళ్ళు. ఆవేశం ఒక్క పిసరు కూడా పోలేదు. శక్తి మాత్రం సరిగ్గా సగం మాయమైంది! ఎక్కడికి పోయింది?

మా ఊరికి దగ్గర్లో లొల్ల లాకులున్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చిన కాలువ మీద కట్టినవి. ఒకప్పుడు పడవలు ఎగువ మట్టం నుంచి దిగువ మట్టానికి దిగేది లాకుల్లోనే. రెండు తలుపుల మధ్య పడవ నిలిపి, చిన్న తూము ఎత్తితే నీరు దిగువకు పోయి మట్టాలు సమానమయ్యేవి. తూము ఎత్తగానే నీరు ఎలా సుడులు తిరిగి నురగలు కక్కుతుందో కాలువ గట్టున పెరిగినవారికి చెప్పనక్కరలేదు. మట్టం తేడాలో దాగిన శక్తి ఆ సుడుల్లో, ఆ చప్పుడులో ఖర్చయి, చివరకు నీటిని కంటికి తెలియనంతగా వేడెక్కిస్తుంది. సమానమైన రెండు తొట్లు తీసుకుని, ఒకటి నింపి, అడుగున గొట్టంతో కలిపి చూడండి. నీరంతా అక్కడే ఉంటుంది. స్థితిశక్తి సగమే మిగులుతుంది. లెక్క అచ్చం ఇదే.

కెపాసిటర్లలోనూ అంతే. కలిపిన క్షణంలో తీగలో పెద్ద ప్రవాహం పరుగెత్తుతుంది. తీగ వేడెక్కుతుంది. కాళ్ళు తాకినచోట చిన్న నిప్పురవ్వ కనబడవచ్చు. అతి కొంచెం రేడియో తరంగాలుగానూ పోతుంది.

"అయితే లావుపాటి రాగితీగ వాడితే నష్టం తగ్గుతుంది కదా?" అని అడుగుతారు. అడగాలి కూడా. ప్రయోగం చేసి చూడండి. ఈసారి తీగకు బదులు 10,000 ఓముల రెసిస్టరు ద్వారా కలపండి. మీటరు ముల్లు నెమ్మదిగా దిగుతుంది. అయిదు సెకన్లకు రెండింటి మధ్య తేడా 9 నుంచి సుమారు 3.3 వోల్టులకు వస్తుంది. అర నిమిషంలో అంతా సద్దుమణుగుతుంది. చివరకు మిగిలేది మళ్ళీ 4.5 వోల్టులే! నిరోధం ఎక్కువైతే ప్రవాహం చిన్నది, సమయం ఎక్కువ. నిరోధం తక్కువైతే ప్రవాహం పెద్దది, సమయం తక్కువ. కాని మొత్తం వేడి ఒక్కటే. తూము చిన్నదైనా పెద్దదైనా చివరి మట్టం మారనట్టే.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన విషయం ఒకటుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఒక చిన్న సూత్రంగా రాసి వదిలేస్తారు. పోయిన శక్తి = ½ × C₁C₂/(C₁ + C₂) × (V₁ − V₂)². ఆ మధ్యనున్న భిన్నాన్ని ఎక్కడో చూశారు కదూ? అది మన ఫాను లెక్క, శ్రేణి సంధానపు కెపాసిటీ! మీటరు పెట్టి చివరి వోల్టులు చూసేవారికి ఆ రెండు కెపాసిటర్లూ సమాంతరంగా ఉన్నాయి. కాని ఒకదాని ధనపు కాలు నుంచి బయలుదేరి తీగ చుట్టూ తిరిగివచ్చే ప్రవాహానికి అవి ఒకదాని తరవాత ఒకటి ఎదురవుతాయి. దాని దృష్టిలో అవి శ్రేణిలో ఉన్నాయి. అయిదు సెకన్లు అన్న లెక్క కూడా అక్కడినుంచే వచ్చింది. 10,000 ఓములు × 500 మైక్రోఫారడ్లు = 5 సెకన్లు. ఆ 500 అన్నది రెండు వెయ్యిల శ్రేణి ఫలితమే.

రెండూ ముందే 9 వోల్టుల్లో ఉంటే? తేడా సున్న, నష్టం సున్న. మట్టాలు సమానంగా ఉన్నప్పుడు తూము ఎత్తినా నీరు కదలదు.

మీకు 4.5 కు బదులు 4.2, లేదా 4.8 వచ్చిందనుకోండి, కంగారుపడకండి. ఈ రకం కెపాసిటర్లు రాసినదానికంటే ఇరవై శాతం అటూ ఇటూ ఉండడం మామూలే. పాత ముల్లు మీటరైతే తనే కొంత ఆవేశం తాగేస్తుంది. దాన్ని ఎక్కువసేపు తగిలించి ఉంచితే అంకె దిగుతూ పోతుంది. నిజానికి ఈ తేడాతోనే తెలియని కెపాసిటీ కొలవవచ్చు. 9 వోల్టుల్లో ఉన్న 1000 మైక్రోఫారడ్లదాన్ని గుర్తులు చెరిగిపోయిన ఖాళీదానితో కలిపితే 6.1 వోల్టులు వచ్చిందనుకుందాం. మొదటిది పోగొట్టుకున్న ఆవేశం 1000 × 2.9, అంటే 2900. అది రెండోదాన్ని 6.1 వోల్టులకు తెచ్చింది. 2900 ÷ 6.1 అంటే సుమారు 475. కనుక అది 470 గుర్తుదై ఉంటుంది.

ఇక ఒక పని మీకే వదులుతున్నాను. 1000 మైక్రోఫారడ్లవి మూడు తెచ్చుకోండి. ఒకదాన్ని 9 వోల్టులకు తెండి. మిగతా రెండింటినీ ఖాళీ చేసి, శ్రేణిలో కట్టి, మొదటిదానితో కలిపితే 6 వోల్టులు రావాలి. అన్నీ మళ్ళీ మొదలుపెట్టి, ఆ రెండింటినీ సమాంతరంగా కట్టి కలిపితే 3 రావాలి. ఎందుకో కాగితం మీద చేసి చూడండి. శ్రేణిలో కట్టినప్పుడు మీకు 6 కు బదులు 7 వచ్చిందంటే, లంకను సరిగా ఖాళీ చేయలేదేమో వెనక్కి వెళ్ళి చూసుకోండి.