ఆదివారం తప్పిన ఇంజెక్షన్

రోజూ వేసుకునే బిళ్ల మరిచిపోతే సాయంత్రానికో మర్నాటికో గుర్తొస్తుంది. వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ సంగతి అలా కాదు. ఆదివారం వేసుకోలేదన్న విషయం ఏ బుధవారమో ఫ్రిజ్ తలుపు తీసి పెన్ను చూసినప్పుడు గానీ తెలియదు. అప్పుడేం చేయాలి? వెంటనే వేసుకోవాలా, మళ్లీ ఆదివారం వచ్చేదాకా ఆగాలా, ఆ రోజు రెండు డోసులూ కలిపి వేసుకోవాలా? షుగర్‌కి ఒజెంపిక్ పేరుతో దొరికే సెమాగ్లుటైడ్ పెన్నును ఉదాహరణగా తీసుకుని ఈ ప్రశ్నకు జవాబు వెతుకుదాం.

ఈ మందు ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది. ఒంట్లో ఉన్న మందు సగానికి తగ్గడానికి సుమారు వారం పడుతుంది. అంటే ఈ ఆదివారం వేసుకునేటప్పటికి పోయిన వారపు మందు సగం దాకా ఇంకా మిగిలే ఉంటుంది. నాలుగైదు వారాలు క్రమంగా వేసుకుంటే పాతదీ కొత్తదీ కలిసి ఒక స్థాయికి చేరి అక్కడ నిలబడుతుంది. అందుకే మూడు నాలుగు రోజులు ఆలస్యమైనా మందు ఒక్కసారిగా ఖాళీ అయిపోదు. రెండు డోసులు దగ్గర దగ్గరగా పడితే మాత్రం, ఉన్నదాని మీద ఇంకా వచ్చి చేరుతుంది. వికారం, వాంతులు మొదలైతే ఒక పూటతో పోవు. ఒకసారి లోపలికి వెళ్లిన మందును వెనక్కి తీయడం ఎవరి వల్లా కాదు.

ఇక రోజు ఎంచుకోవడం. ఏ వారమైనా ఫర్వాలేదు, ఏ వేళైనా ఫర్వాలేదు, తిన్నాకైనా తినకముందైనా వేసుకోవచ్చు. కాబట్టి శనివారం ఒంటిపూట ఉండేవారికైనా, రంజాన్ ఉపవాసాల్లో ఇఫ్తార్ తర్వాత వేసుకుందామనుకునేవారికైనా అడ్డేమీ లేదు. అయితే ఒక సంగతి ఆలోచించాలి. సూది వేసిన ఒకటి నుంచి మూడు రోజుల్లో మందు రక్తంలో గరిష్ఠానికి చేరుతుంది. కొత్తగా మొదలుపెట్టినప్పుడు, డోసు పెంచినప్పుడు చాలామందికి కడుపులో తిప్పేది ఆ రోజుల్లోనే. ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదికీ మాంసాహార భోజనం ఉండే ఇంట్లో శుక్రవారం రాత్రి ఎంచుకుంటే ఆ భోజనమే కష్టమవుతుంది. ఆదివారం రాత్రి వేసుకుంటే ఆ ఇబ్బంది తప్పుతుంది. సాయం చేసే కొడుకో కోడలో ఇంట్లో ఉండే రోజైతే మరీ మంచిది.

వేసే పద్ధతి పెద్ద కష్టం కాదు గానీ రెండు మూడు చోట్ల జనం తడబడతారు. ప్రతిసారీ కొత్త సూది బిగించాలి. కొత్త పెన్ను మొదటిసారి వాడేటప్పుడు మాత్రం ముందుగా ఫ్లో చెక్ చేయాలి: డయల్‌ను ఆ గుర్తు దాకా తిప్పి, సూదిని పైకి పట్టుకుని బటన్ నొక్కితే సూది మొనకు ఒక చుక్క రావాలి. తర్వాత డాక్టర్ రాసిన డోసు కనిపించేదాకా తిప్పి, పొట్ట మీదో తొడ మీదో పైచేతి మీదో గుచ్చి బటన్ నొక్కి పట్టుకోవాలి. కిటికీలో సున్నా కనబడగానే లాగేయడం ఎక్కువగా జరిగే పొరపాటు. సున్నా వచ్చాక కూడా ఆరు అంకెలు నెమ్మదిగా లెక్కపెట్టి అప్పుడు తీయాలి. తొందరపడితే మందు ధారగా బయటికి కారుతుంది. ఒక చిన్న చుక్క సూది చివర కనిపిస్తే మాత్రం కంగారు అక్కర్లేదు. మందు కారిపోయిందని అనుమానం వచ్చినా సరే, మీ అంతట మీరే ఇంకో డోసు వేసుకోకండి. ఎంత లోపలికి వెళ్లిందో మనకు తెలియదు కదా. వచ్చే వారం చోటు కాస్త మార్చి గుచ్చాలి. పని అవగానే సూది తీసేసి పెన్ను మూత పెట్టాలి. తర్వాత అక్కడికక్కడే క్యాలెండర్‌లో టిక్కు పెట్టాలి. ఆ టిక్కు లేకపోతే మంగళవారానికల్లా ‘వేసుకున్నానా లేదా’ అన్న సందేహం వస్తుంది. ఎంత వెతికినా ఆధారం దొరకనప్పుడు, వేసుకోలేదని తేలేదాకా వేసుకోకుండా డాక్టర్‌ని అడగడమే క్షేమం.

ఇప్పుడు తప్పిపోయిన రోజు సంగతి. తెనాలిలో ఉండే ఒక రిటైర్డ్ టీచరమ్మ ప్రతి ఆదివారం రాత్రి ఎనిమిదింటికి 0.5 మిల్లీగ్రాములు వేసుకుంటారనుకుందాం. ఈ ఆదివారం రాజమండ్రిలో పెళ్లి, పెన్ను ఇంట్లో ఉండిపోయింది. బుధవారం పొద్దున కూతురు ఫోన్ చేసి, “అమ్మా, ఇంజెక్షన్ వేసుకున్నావా?” అని అడిగితే గుర్తొచ్చింది. సెమాగ్లుటైడ్‌కి గడువు ఐదు రోజులు. ఆదివారం రాత్రి ఎనిమిది నుంచి లెక్కేస్తే శుక్రవారం రాత్రి ఎనిమిది దాకా. బుధవారం పొద్దుటికి రెండున్నర రోజులే అయ్యాయి కాబట్టి అప్పుడే వేసేసుకోవచ్చు. తర్వాతి డోసు మళ్లీ మామూలుగా ఆదివారం రాత్రే. మధ్యలో నాలుగు రోజుల పైన ఎడం ఉంది, చాలు.

అదే శనివారం పొద్దున గుర్తొస్తే? ఐదు రోజులు దాటింది. ఆ వారం డోసు వదిలేసి ఆదివారం రాత్రి ఒక్క డోసే వేసుకోవాలి. రెండు కలపకూడదు. ఈ ఐదు రోజుల గడువు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే లెక్క ఇక మరిచిపోరు. రెండు డోసుల మధ్య కనీసం రెండు రోజులు, అంటే 48 గంటలకు పైగా ఎడం ఉండాలి. ఏడులోంచి రెండు తీస్తే ఐదు. రోజు మార్చుకోవాలన్నా ఇదే సూత్రం. ఆదివారం నుంచి బుధవారానికి మారాలంటే మారవచ్చు, ఆదివారం నుంచి సోమవారానికి కుదరదు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు గంటల తేడాకు బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు, అక్కడి ఆదివారమే మీ ఆదివారం. పెన్నును మాత్రం చేతి సంచిలోనే పెట్టుకోవాలి, లగేజీలో పడేస్తే విమానంలో గడ్డకట్టే ప్రమాదముంది. ఒకసారి గడ్డకట్టిన మందు పనికిరాదు.

ఈ లెక్క అన్ని పెన్నులకూ ఒకటి కాదు. మౌంజారో పేరుతో వచ్చే టిర్జెపటైడ్‌కి డోసుల మధ్య కనీస ఎడం మూడు రోజులు, కాబట్టి గడువు నాలుగు రోజులే. డ్యూలాగ్లుటైడ్‌కి తర్వాతి డోసుకి కనీసం మూడు రోజులుంటేనే తప్పినది వేసుకోవాలి. పక్కింటివారి సలహా మీ పెన్నుకి సరిపోకపోవచ్చు. పెట్టెలోని కాగితం చూడండి.

డోసు తప్పిన వారం షుగర్ కాస్త పెరగవచ్చు. దాన్ని సర్దడానికి గ్లిమెపిరైడ్ బిళ్ల ఇంకోటి మింగడం, ఇన్సులిన్ పెంచడం చేయకండి. గ్లూకోమీటర్‌తో చూసుకుంటూ ఉండండి. పొరపాటున రెండు డోసులు పడిపోతే ఆ రోజే డాక్టర్‌కి చెప్పాలి, ముఖ్యంగా ఈ రెండింటిలో ఏదైనా వాడుతుంటే. తిండి సహించక షుగర్ బాగా పడిపోవచ్చు, ఆగని వాంతులతో ఒంట్లో నీరు పోయి కిడ్నీల మీద పడవచ్చు. వీపులోకి పాకే తీవ్రమైన కడుపునొప్పి వస్తే ఎంతమాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

రెండు మూడు వారాలు వరుసగా తప్పితే పరిస్థితి వేరు. మందు బాగా తగ్గిపోతుంది, దానికి అలవాటుపడిన కడుపు ఆ అలవాటు కోల్పోతుంది. 0.25 దగ్గర మొదలుపెట్టి నెలకు గానీ 0.5కి వెళ్లకపోవడానికి కారణం ఆ అలవాటు కోసమే. కాబట్టి ఆస్పత్రిలో ఉండో, పెన్ను దొరక్కో ఇన్ని వారాలు గడిచిపోతే, ఆపిన చోటి నుంచి పెద్ద డోసుతో మళ్లీ మొదలుపెట్టకుండా ముందు డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఎన్ని వారాలు తప్పాయో, ఆఖరి డోసు ఎంతో చెబితే, అదే డోసుతో కొనసాగించాలో తక్కువ నుంచి మళ్లీ ఎక్కాలో వారు నిర్ణయిస్తారు.