సగం చెక్కిన షాఫ్ట్‌కు ధరెంత?

మార్చి 31 సాయంత్రం బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో ఏదైనా చిన్న మెషిన్ షాపులోకి వెళ్తే మూడు రకాల సరుకు కనిపిస్తుంది. స్టోరులో కొనుక్కొచ్చిన ఉక్కు రాడ్లు, తలుపు దగ్గర నూనె రాసి పేర్చిన పూర్తయిన షాఫ్ట్‌లు, ఈ రెండింటికీ మధ్య లేత్‌ల పక్కన ట్రేలలో సగంలో ఆగినవి. రాడ్లకు కొన్న బిల్లు ఉంటుంది. పూర్తయిన షాఫ్ట్‌కు ఎంత ఖర్చయిందో లెక్క తేలి ఉంటుంది. ట్రేలలో ఉన్న సరుకుకు మాత్రం బిల్లూ ఉండదు, బజారు ధరా ఉండదు. ఆ రూపంలో దాన్ని ఎవరూ కొనరు. అయినా ఆ రోజుకు దానికో విలువ రాయాలి. అకౌంటెంట్లు దీన్నే డబ్ల్యూఐపీ అంటారు. లక్ష రూపాయలు ఎక్కువ రాస్తే ఆ ఏడాది లాభం లక్ష పెరిగినట్టు కనిపిస్తుంది, రాని లాభానికి పన్ను కట్టాల్సి వస్తుంది. తక్కువ రాస్తే ఉన్న లాభమే పుస్తకాల్లోంచి మాయమవుతుంది.

చాలా షాపుల్లో ఈ పని ఒక్క వాక్యంలో అయిపోతుంది: "సగం పని అయింది, సగం ధర వేసెయ్." ఇందులో తప్పెక్కడుందో ఒక లెక్క వేసి చూద్దాం.

పంపులకు షాఫ్ట్‌లు చేసే షాపు ఒకటి ఉందనుకుందాం. రాడ్డు కోయడానికి 3 నిమిషాలు, లేత్ మీద టర్నింగ్‌కు 12, కీవే మిల్లింగ్‌కు 9 పడుతుంది. తర్వాత హీట్ ట్రీట్‌మెంట్‌కు బయటి షాపుకు పంపుతారు. తిరిగొచ్చాక 6 నిమిషాల గ్రైండింగ్‌తో షాఫ్ట్ పూర్తవుతుంది. అంటే మన షాపులో జరిగే పని మొత్తం 30 నిమిషాలు. ఒక్కో షాఫ్ట్‌కు పట్టే ఉక్కు 500 రూపాయలు. ఈ 500లో వాపసు వచ్చే జీఎస్టీ కలపలేదు, లేత్ నుంచి రాలిన చిప్స్ అమ్మితే వచ్చేది తీసేశాం, మామూలుగా పోయే రిజెక్షన్ల భారం కలిపేశాం. హీట్ ట్రీట్‌మెంట్‌కు ముక్కకు 40 రూపాయలు. కూలి, కరెంటు, టూల్స్, షెడ్డు అద్దె, మెషిన్ల తరుగుదల అన్నీ కలిపి ఆ నెల ఖర్చు 2,70,000.

నెల మొదట్లో పాత సరుకేమీ లేదు. నెలాఖరుకు 800 షాఫ్ట్‌లు పూర్తయ్యాయి. టర్నింగ్ అయి ఆగినవి 120. కీవే కూడా అయి, హీట్ ట్రీట్‌మెంట్ పూర్తయి, ఇంకా బయటి షాపులోనే ఉన్నవి 50.

ముందుగా పట్టుకోవలసిన సంగతి ఏమిటంటే, ఉక్కూ పనీ ఒకే వేగంతో షాఫ్ట్‌లోకి చేరవు. రాడ్డు కోసిన క్షణంలోనే 500 రూపాయల ఉక్కు మొత్తం లోపలికి వచ్చేసింది. పని మాత్రం అంచెలంచెలుగా చేరుతుంది. అందుకే రెండింటినీ విడదీసి లెక్కించాలి. ఆగిన 170 ముక్కల్లోనూ ఉక్కు పూర్తిగా ఉంది కాబట్టి దాని విలువ 85,000.

ఇక పని. టర్నింగ్ అయినవాటిలో 30 నిమిషాలకు 15 నిమిషాల పని పడింది, అంటే సగం. 120 ముక్కల్లో పడిన పని 60 పూర్తి షాఫ్ట్‌ల పనితో సమానం. కీవే అయినవాటిలో 24 నిమిషాలు, అంటే 80 శాతం, పడ్డాయి. ఆ 50 ముక్కలు 40 పూర్తి షాఫ్ట్‌లకు సమానం. పూర్తయిన 800కు ఈ 100 కలిపితే, నెలలో షాపు చేసిన పని 900 షాఫ్ట్‌ల పని. 2,70,000ను 900తో భాగిస్తే ఒక్కోదానికి 300. ఆగిన సరుకులో పడిన పని విలువ 30,000. హీట్ ట్రీట్‌మెంట్ అయిన 50కి మరో 2,000. మొత్తం 1,17,000.

"సగం ధర" పద్ధతిలో అయితే? పూర్తి షాఫ్ట్ ఖర్చు 840. అందులో సగం చొప్పున 170 ముక్కలకు 71,400 మాత్రమే వస్తుంది. అంటే 45,600 రూపాయల సరుకు కళ్లెదుట ఉండగానే పుస్తకాల్లోంచి జారిపోయింది. ఉక్కు ఖరీదు ఎక్కువగా ఉండే సరుకులో ఈ తప్పు మరీ పెద్దదవుతుంది.

రెండో తప్పు పని తగ్గిన నెలలో జరుగుతుంది. పై 2,70,000లో అద్దె, తరుగుదల, సూపర్‌వైజర్ జీతం లాంటి స్థిర ఖర్చు 1,80,000 అనుకుందాం. షాపు మామూలుగా నెలకు 900 షాఫ్ట్‌ల పని చేస్తే, ఒక్కోదాని మీద పడే స్థిర ఖర్చు 200. ఆర్డర్లు లేక ఒక నెల 450 షాఫ్ట్‌ల పనే జరిగిందనుకోండి. ఉన్నదంతా వాటి మీదే పంచితే ఒక్కోదానికి 400 పడుతుంది. ఖాళీగా నిలబడిన మెషిన్ల అద్దె సరుకులోకి ఎక్కి, షాఫ్ట్ విలువ పెరిగినట్టు కనిపిస్తుంది. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఇచ్చిన ఏఎస్ 2 ప్రమాణం దీన్ని ఒప్పుకోదు. మామూలు సామర్థ్యం ప్రకారం 200 మాత్రమే సరుకులో కలపాలి. మిగిలిన 90,000 ఆ కాలపు ఖర్చుగా రాయాలి. ఈ నియమం సరైనదేనని నేను గట్టిగా నమ్ముతాను. పని జరగని గంటకు ఎవరో ఒకరు డబ్బు కట్టారు నిజమే, కానీ ఆ గంట ఏ షాఫ్ట్‌లోనూ లేదు.

అదే ప్రమాణం మరో మాట కూడా చెబుతుంది: ఖర్చు, నికరంగా రాబట్టగలిగే ధర, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అదే రాయాలి. పంపు కంపెనీ డిజైన్ మార్చడంతో 900కు పోవాల్సిన షాఫ్ట్ ఇప్పుడు 700కే పోతుందనుకుందాం. రవాణాకు 10 రూపాయలు. టర్నింగ్ దగ్గర ఆగిన ముక్క మీద ఇప్పటిదాకా పెట్టింది 650. పూర్తి చేయడానికి ఇంకా 190 పెట్టాలి. 700లోంచి 190, 10 తీసేస్తే మిగిలేది 500. కనుక పుస్తకాల్లో 650 బదులు 500 రాయాలి. చాలామంది 700ను 650తో పోల్చి "నష్టం లేదులే" అనుకుంటారు. ఇంకా పెట్టాల్సిన ఖర్చు వాళ్ల లెక్కలోకి రాదు.

లెక్క ఎంత సరిగ్గా వేసినా, ముక్కల సంఖ్య తప్పయితే అంతా వృథా. స్టోరు నుంచి ఆ నెల 980 ముక్కలకు సరిపడా రాడ్డు వెళ్లిందనుకోండి. పూర్తయినవి 800, ఆగినవి 170. మిగిలిన 10 రిజెక్షన్ పెట్టెలో కనబడాలి. కనబడకపోతే ఎవరో రిజెక్టయిన ముక్కలను మంచివాటిలో కలిపి ఉండాలి, లేదా జాబ్ కార్డులో అంకె తప్పి ఉండాలి. కొలత పోయిన షాఫ్ట్ ట్రేలో మంచిదానిలాగే మెరుస్తుంది. దాని విలువ తుక్కు ధరే. అందుకే రిజెక్టయిన వెంటనే ఎర్ర రంగు వేయించడం మంచిది. బయటి షాపులో ఉన్న 50 ముక్కలు మన షెడ్డులో ఎంత వెతికినా దొరకవు. వెనక్కి రాని డెలివరీ చలానాలు ముందేసుకుంటేనే అవి బయటపడతాయి. అటు ఆ షాపు యజమాని వాటిని తన సరుకులో లెక్కపెట్టుకోకుండా చూడాలి. ఆయన బిల్లు ఏప్రిల్‌లో వచ్చినా, పని మార్చిలో అయింది కాబట్టి ఆ 2,000 మార్చి ఖర్చులోకే రావాలి.

లెక్కపెట్టేటప్పుడు సంఖ్యతోపాటు జాబ్ కార్డు మీది తేదీ కూడా రాసుకోవాలి. రాడ్డు కోసిన దగ్గర్నుంచి వారం పది రోజుల్లో బయటికి వెళ్లాల్సిన షాఫ్ట్ కార్డు మీద నవంబరు తేదీ ఉంటే, అది ఎందుకు ఆగిందో ఫోర్‌మన్‌ను అడిగి, ఆర్డరు ఇంకా బతికే ఉందో లేదో తేల్చుకున్నాకే దానికి విలువ వేయాలి.