కలలో దొరికిన బంగారం

నేలను తవ్వగా బంగారు నాణేలు బయటపడడం, పాత చొక్కా జేబులో మరచిపోయిన నోట్లు చేతికి తగలడం, దారిలో నగ దొరకడం... ఇటువంటి కలలు మన ఇళ్లలో ఎవరో ఒకరికి వస్తూనే ఉంటాయి. తెల్లవారాక ఇంట్లో వినబడే ప్రశ్న ఒక్కటే: ఇది శుభమా, అశుభమా?

కలల తాత్పర్యం చెప్పే విద్యను అరబీలో ‘తాబీర్’ అంటారు. పూర్వపు తాబీర్ గ్రంథాలు పురుషుడి కలలోని బంగారాన్ని సాధారణంగా శుభసూచకంగా పరిగణించలేదు. దీనికి మూలం భాషలోనే ఉంది. బంగారానికి అరబీ పదం ‘జహబ్’. ‘వెళ్లిపోయాడు’ అనే అర్థమిచ్చే క్రియ కూడా అవే అక్షరాలతో ఏర్పడుతుంది. కనుక బంగారం కనబడితే చేతిలో ఉన్నది పోతుందని వారు అర్థం చెప్పారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) తమ చేతులకు రెండు బంగారు కంకణాలు ఉన్నట్లు కలగని కలత చెందారని, వాటిని ఊదగా అవి ఎగిరిపోయాయని సహీహ్ బుఖారీలో ఉంది. ఆ కంకణాలను ఆయన ఇద్దరు అబద్ధపు ప్రవక్తలుగా, అంటే అస్వద్ అన్సీ, ముసైలిమాలుగా వివరించారు.

అయితే ఒకే కలకు అందరికీ ఒకే అర్థం ఉండదు. హిజ్రీ 110లో మరణించిన బస్రా పండితుడు ఇబ్నె సీరీన్ గురించి ఒక ఉదంతం ప్రసిద్ధం. తాము అజాన్ పలుకుతున్నట్లు కల వచ్చిందని ఇద్దరు ఆయనకు చెప్పారు. ఒకరికి హజ్ భాగ్యం కలుగుతుందన్నారు, మరొకరు దొంగతనంలో పట్టుబడతారన్నారు. కలగన్న మనిషిని, అతని నడవడిని చూసి ఆయన తాత్పర్యం చెప్పారు. నేడు ఆయన పేరుతో అమ్ముడవుతున్న కలల పుస్తకం ఆయన స్వయంగా రాసినది కాదని పరిశోధకులు అంటారు. అందులో ఒక పేజీ తెరిచి ‘బంగారం’ దగ్గర వేలు పెట్టడం ఆయన పద్ధతి కానే కాదు.

మరి కల నిజమై నిధి దొరికితే? పండితుల గ్రంథాలలో ఈ ప్రశ్నకు కూడా జవాబుంది. ఒక వ్యక్తికి దైవప్రవక్త (స) కలలో కనబడి, ఫలానా చోట నిధి ఉంది, తీసుకో, అందులో ఐదవ వంతు (ఖుమ్స్) చెల్లించనవసరం లేదు అన్నారట. అతడు తవ్వగా నిధి నిజంగానే దొరికింది. కల సత్యమని తేలింది కనుక ఖుమ్స్ అవసరం లేదని కొందరు ఫత్వా ఇచ్చారు. హిజ్రీ 660లో మరణించిన ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ మాత్రం చెల్లించి తీరాలన్నారు. పూడ్చిన నిధిలో ఐదవ వంతు చెల్లించాలన్న హదీసు మేల్కొని ఉన్నవారు విని, పరిశీలించి అందించినది. ఒకరి కల దానికంటే బలమైన ప్రమాణం కాజాలదన్నది ఆయన వాదన. కల నిజమైనంత మాత్రాన అది చట్టం కాదు.

కలలు మూడు రకాలని హదీసు చెబుతుంది: అల్లాహ్ నుండి శుభవార్త, షైతాన్ కలిగించే దిగులు, మనిషి తన మనసుతో తాను మాట్లాడుకునేది. ఆధునిక మనస్తత్వ శాస్త్రం పరిశీలించేది ఈ మూడవ రకాన్నే. పగలు మనల్ని పట్టి ఉంచిన ఆందోళనలు, ఆశలే రాత్రి కలలలో కొనసాగుతాయని అమెరికన్ మనస్తత్వవేత్త కాల్విన్ హాల్ ప్రతిపాదించారు.

ఒక గృహిణిని ఊహించండి. కుమార్తె చదువు కోసం ఆమె గాజులు తాకట్టులో ఉన్నాయి. బియ్యం డబ్బాలో చేయి పెడితే గాజులు దొరికినట్లు ఆమెకు తరచూ కల వస్తుంది. దీనిని నిధికి సూచన అనుకుంటే ఆమె ఇల్లు తవ్విస్తుంది. తన మనసు మాట అనుకుంటే రెండు ప్రశ్నలు వేసుకుంటుంది. ఆ గాజులు కష్టకాలానికి దాచుకున్న భద్రతా, లేక పెళ్లిళ్లలో నలుగురి ముందు నిలబడే గౌరవమా? దొరికినప్పుడు కలిగింది ఊరటా, లేక ఎవరైనా చూస్తారేమోనన్న భయమా? ఊరట అయితే ఆమెకు కావలసింది భద్రత. అప్పు తీర్చే లెక్క భర్తతో కూర్చుని వేసుకోవాలి. నలుగురి చూపు బాధిస్తుంటే, బంగారం లేని చేతిని ఆమె తన విలువ తగ్గడంగా భావిస్తోందని అర్థం. గాజులు విడిపించినా ఆ బాధ పూర్తిగా తీరదు. ఇంట్లోవారు ఆమె త్యాగాన్ని గుర్తించి, నోరు తెరిచి చెప్పాలి. అయితే ఇది కూడా ఊహే. ఒక్కసారి వచ్చిపోయిన కలకు ఇంత అర్థం వెతకనక్కరలేదు.

మంచి కలను మన మేలు కోరేవారికే చెప్పాలని, చెడ్డ కల వస్తే అల్లాహ్ శరణు కోరి ఎవరికీ చెప్పవద్దని దైవప్రవక్త (స) నేర్పారు. కల విన్న మరుక్షణం పూజలనో, తాయెత్తులనో, తవ్వకాలనో డబ్బు అడిగే వ్యక్తి మేలు కోరేవాడు కాదు. పైగా 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. దాచిపెడితే శిక్ష పడుతుంది.