పుదీనా కాడ, తులసి గింజ

కడియపులంక నర్సరీలో మొక్కలు కొనే ముందు, ఈ రెండింటినీ ఇంట్లోనే పిల్లల చేత పెంచి చూడండి.

వంటకి తెచ్చిన పుదీనా కట్టలోంచి జానెడు పొడవున్న, పూత లేని నాలుగు కాడలు తీయండి. కణుపుకి కాస్త కింద కోసి, కింది ఆకులు తుంచేసి, కణుపులు మునిగేలా గ్లాసు నీళ్లలో పెట్టండి. రెండు రోజులకోసారి నీళ్లు మార్చాలి. వారం పది రోజుల్లో కణుపుల దగ్గర తెల్లటి వేళ్లు వస్తాయి. అవి అంగుళం పొడవు పెరిగాక కుండీలో నాటండి.

ఎండిన తులసి వెన్నులను అరచేతిలో నలిపితే ఆవాల కంటే చిన్న గింజలు రాలతాయి. వాటిని తడిమట్టి మీద చల్లి, పైన పల్చగా మట్టి జల్లండి. లోతుగా పూడిస్తే మొలకలు పైకి రాలేవు. ఒకటి రెండు వారాల్లో మొలుస్తాయి. ఆరు ఆకులొచ్చాక వేరే కుండీలోకి మార్చండి.

మన డెల్టా ఒండ్రుమట్టి నీటిని పట్టి ఉంచుతుంది. అందుకని మట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు సమంగా కలపండి. మే నెలలో పుదీనాకి మధ్యాహ్నపు ఎండ తగలకూడదు. తులసి ఎండలోనే బాగుంటుంది, పొద్దున్నే నీళ్లు పోస్తే చాలు.

వానాకాలంలో మొక్క వాడితే వెంటనే నీళ్లు పోయకండి. ముందు మట్టిలో వేలు గుచ్చి చూడండి. పొడిగా ఉంటే నీళ్లు కావాలని అర్థం. తడిగా ఉన్నా వాడిందంటే వేరు కుళ్లుతోందని అనుమానించాలి. కాండం మొదలు నల్లబడి మెత్తగా ఉంటే ఆ మొక్క ఇక నిలవడం కష్టం. పచ్చగా ఉన్న చివర్లు కోసి మళ్లీ నీళ్లలో పెట్టండి. తులసి కొమ్మకైనా ఇలాగే వేళ్లు వస్తాయి. ఆ పాత మట్టి మాత్రం మళ్లీ వాడకండి.