చీర 450 గ్రాములు, బిల్లు కిలోకి

మంగళగిరి నూలు చీర ఒకటి మడతపెట్టి, ప్లాస్టిక్ కొరియర్ కవర్‌లో పెట్టి తూస్తే 450 గ్రాములు తూగిందనుకుందాం. ఇంట్లోనే ఉండి వాట్సాప్‌లో చీరలు అమ్మే ఒకావిడ దాన్ని అరకిలో రేటుకు కొరియర్‌కు ఇచ్చారు. నాలుగు రోజుల తర్వాత ఖాతా తెరిచి చూస్తే అదే పార్సిల్‌కు కిలో రేటు కోసేశారు. దారిలో తడిసి బరువెక్కిందా అంటే అదీ లేదు, కొన్నామెకు చీర పొడిగానే చేరింది.

కొరియర్ కంపెనీలు ప్రతి పార్సిల్‌కూ రెండు బరువులు చూస్తాయి. ఒకటి కాటా చెప్పేది. రెండోది పార్సిల్ వ్యానులో ఎంత చోటు ఆక్రమిస్తుందో లెక్కగట్టి తేల్చేది, దీన్నే వాల్యూమెట్రిక్ బరువు అంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, వచ్చినదాన్ని 5000తో భాగిస్తే కిలోలు వస్తాయి. రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లు, అదీ చాలా కంపెనీల్లో అరకిలో మెట్లలో. 510 గ్రాములైనా కిలో కిందే లెక్క.

ఇప్పుడు మన చీర దగ్గరికి వద్దాం. చక్కగా అదిమి కట్టినప్పుడు అది 30 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 3 ఎత్తు. గుణించి 5000తో భాగిస్తే సరిగ్గా 450 గ్రాములే వస్తుంది, పేచీ లేదు. కానీ ఆమె దగ్గర ఉన్న కవర్ చీరకంటే పెద్దది. పక్కన మిగిలిన అంచును మడిచి టేపు వేయలేదు, లోపల గాలి కూడా ఉండిపోయింది. హబ్‌లో బెల్టు మీద వెళ్లే పార్సిల్‌ను కెమెరాలతో కొలిచే యంత్రానికి చీర ఏదో ఖాళీ కవర్ ఏదో తెలియదు. దాని లెక్కలో పార్సిల్ 35, 28, 4. అంటే 784 గ్రాములు. అరకిలో మెట్టు దాటింది కాబట్టి కిలో బిల్లు.

ఇంతవరకూ తప్పు కవర్‌ది. ఇంకో చిక్కు రేటు కార్డు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. రోడ్డు మార్గంలో పంపే కొన్ని సర్వీసులు 5000 బదులు 4000తో భాగిస్తాయి. అప్పుడు బాగా అదిమి కట్టిన చీర కూడా 562 గ్రాములై కిలో మెట్టు ఎక్కుతుంది. రేటు ఐదు రూపాయలు తక్కువని మురిసిపోయి అలాంటి సర్వీసు ఎంచుకుంటే ప్రతి చీరకూ నష్టమే. అందుకే రేటు అడిగే ముందు ఎంతతో భాగిస్తారో అడగాలి. కార్డు మీది ధరలో 18 శాతం జీఎస్టీ కలిసిందో లేదో కూడా అప్పుడే తేల్చుకోవాలి.

రెండు కంపెనీల మధ్య ఎంపిక ఎలా ఉంటుందో ఊహాలెక్క ఒకటి వేసి చూద్దాం. మొదటిది అరకిలోకి 48 రూపాయలు అడుగుతోంది, రెండోది 54. నెలకు 200 పార్సిళ్లు. పైకి చూస్తే మొదటిదాంతో 1,200 రూపాయలు మిగులుతాయి. నెలాఖరున లెక్క చూస్తే మొదటి కంపెనీ 30 పార్సిళ్లను కిలో మెట్టుకు ఎక్కించి, ఒక్కోదానికి 42 రూపాయల చొప్పున 1,260 అదనంగా కోసింది. 12 పార్సిళ్లు చేరకుండా వెనక్కి వచ్చాయి. తిరుగు ప్రయాణానికీ ఛార్జీ ఉంటుంది కాబట్టి 576. మొత్తం 11,436. రెండో కంపెనీ మెట్టు పెంచినవి నాలుగు, ఒక్కోదానికి 45 రూపాయలు. వెనక్కి వచ్చినవి ఆరు. మొత్తం 11,304. చౌక కంపెనీకే 132 రూపాయలు ఎక్కువ పడ్డాయి, పైగా చేరిన చీరలు ఆరు తక్కువ.

వెనక్కి రావడాన్ని ఈ వ్యాపారంలో ఆర్టీఓ అంటారు. లైసెన్సులిచ్చే ఆఫీసుకూ దీనికీ సంబంధం లేదు, విసిగించడంలో మాత్రం రెండూ ఒకటేనని అమ్మేవాళ్ల ఉవాచ. పార్సిళ్లు ఎందుకు తిరిగొస్తున్నాయో ట్రాకింగ్ చూస్తే సగం తెలిసిపోతుంది. ‘కస్టమర్ అందుబాటులో లేరు’ అని మధ్యాహ్నం రెండింటికి పడుతుంది. కొన్నామెకు ఫోన్ చేస్తే ఇంట్లోనే ఉన్నానండీ, ఎవరూ రాలేదు, ఫోనూ చేయలేదు అంటుంది. ఇలాంటివి వరసగా మూడు నాలుగు కనిపిస్తే, అదీ ఒకే పిన్‌కోడ్‌లో అయితే, ఆ ప్రాంతపు డెలివరీ కేంద్రం పని తీరు అనుమానించాల్సిందే. మంచి ట్రాకింగ్‌లో ప్రతి మజిలీకీ ఊరి పేరు, సమయం ఉంటాయి, డెలివరీ కుదరకపోతే అదే రోజు మనకు కబురు వస్తుంది, మళ్లీ పంపమని చెప్పే వీలుంటుంది. ‘రవాణాలో ఉంది’ అన్న ఒక్క ముక్క నాలుగు రోజులు కదలకుండా ఉంటే అది ట్రాకింగ్ కింద లెక్కే కాదు.

పికప్ విషయంలో చూడాల్సింది అబ్బాయి వచ్చాడా లేదా అన్నదొక్కటే కాదు, వచ్చి గుమ్మం దగ్గరే పార్సిల్‌ను స్కాన్ చేశాడా అన్నది. కొందరు సంచిలో వేసుకుని వెళ్లిపోతారు, స్కాన్ మర్నాడు హబ్‌లో పడుతుంది. ఈలోగా ఒక పార్సిల్ తప్పిపోతే ఇచ్చినట్టు ఆధారం ఉండదు. స్కానర్ లేని రోజున పార్సిళ్ల నంబర్లున్న కాగితం మీద సంతకం, టైము రాయించుకోవాలి. అసలు రాకుండానే ‘సరుకు సిద్ధంగా లేదు’ అని రాసుకునేవాళ్లూ ఉంటారు. వారంలో రెండుసార్లు అలా జరిగితే ఆ కంపెనీ రేటు ఎంతైనా అనవసరం.

ఇక బరువు తగాదా. కోత పడిందని ఖాతాలో నోటీసు కనిపించిన రోజు నుంచి గడువు మొదలవుతుంది. చాలాచోట్ల అది వారం దాటదు. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే, ముందుగా వేసిన డబ్బులోంచి కట్ అయిపోతుంది. గెలవాలంటే పార్సిల్ ఇల్లు దాటకముందే ఫోటోలు తీసి ఉంచాలి. కాటా మీద పార్సిల్, అంకెలు కనిపించేలా ఒకటి. మూడు వైపులా టేపు పెట్టి, సెంటీమీటర్లు చదవగలిగేలా మూడు. అన్నిట్లోనూ లేబుల్ మీది నంబర్ కనపడాలి. నంబర్ లేని ఫోటో ఏ పార్సిల్‌దైనా కావచ్చని కొట్టేస్తారు. కంపెనీని కూడా వాళ్ల యంత్రం తీసిన బొమ్మ చూపించమనాలి. చూపించేవాళ్లతో వాదించవచ్చు. చూపించకుండా తగాదా మూసేసే కంపెనీతో మాత్రం వచ్చే నెలా ఇదే తంతు.

మన చీరల ఆవిడ రెండు పనులు చేశారనుకుందాం. కవర్ సైజు మార్చి, మిగిలిన అంచు వెనక్కి మడిచి టేపు వేయడం మొదలుపెట్టారు. ఇరవై ఇరవై పార్సిళ్లను ఒకే పిన్‌కోడ్‌లకు రెండు కంపెనీల్లోనూ పంపి, అసలు పడిన ఖర్చు, చేరిన రోజులు, తప్పిన పికప్‌లు, పెరిగిన బరువులు నోట్‌బుక్కులో రాసుకున్నారు. హైదరాబాద్, బెంగళూరు ఆర్డర్లకు 54 రూపాయల కంపెనీ నిలిచింది. ప్రైవేటు కొరియర్ వారానికోసారి వెళ్లే పల్లెలకు మాత్రం ఆమె పోస్టాఫీసుకే నడుస్తున్నారు. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి, ఇప్పుడు అక్కడ ఆమె అడిగేది స్పీడ్ పోస్టే.