మూడో నంబరు ఆవిడ ఎవరు, అత్తయ్య గారూ?

ఎనిమిది మంది ఉన్న స్టూడియో ఫోటో. వెనక తెరమీద రంగులతో వేసిన మెట్లు, పూలకుండీ. రెండు కుర్చీల్లో పెద్దవాళ్లిద్దరు, వాళ్ల వెనక నిలబడి నలుగురు, కింద చాప మీద గుండు చేయించిన పిల్లాడు. నిలబడ్డ వాళ్లలో ఒకావిడ చంకలో నెలల పాప. అట్ట వెనకాల ఊదారంగు రబ్బరు ముద్రలో స్టూడియో పేరు, పక్కన పెన్సిల్‌తో ఏదో నంబరు ఉన్నాయి. తేదీ లేదు, పేర్లు అసలే లేవు.

కన్నవాళ్ల వైపు నుంచి ఒకావిడ దగ్గరున్న ఫోటో ఇదొక్కటే. ఆమె 1983లో కృష్ణా డెల్టాలో పుట్టింది. ఏడాది నిండకముందే దత్తతకు వెళ్లింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ దాచలేదు కానీ, ఎవరూ వివరంగా చెప్పలేదు కూడా. పెంచిన తల్లి పోయాక బీరువా సర్దుతుంటే పట్టుచీరల అడుగున రిజిస్టరైన దత్తత పత్రం, దాని మడతలో ఈ ఫోటో కనిపించాయి. పత్రంలో కన్నతండ్రి పేరు, ఊరు ఉన్నాయి. ఆ ఊళ్లో పెంచిన నాన్నకు తెలిసిన పెద్దాయన ఒకరు, కన్నతండ్రి చెల్లెలి చిరునామా కనుక్కుని ఇచ్చారు. ఫోటోలో చివర లంగా ఓణీలో నిలబడ్డ అమ్మాయి ఆవిడేనని కూడా ఆయనే చెప్పారు. అంటే వరసకు మేనత్త.

ఆ మేనత్తకు రాసిన ఉత్తరం గురించే ఈ కథనం. ఆమె అనుమతితోనే, పేర్లూ ఊళ్లూ తీసేసి రాస్తున్నాను. దత్తత వెళ్లిన ఎంతోమంది ఏళ్ల తరబడి ఇలాంటి ఉత్తరం మనసులోనే రాసుకుంటారు. కాగితం మీద పెట్టబోతే మొదటి వాక్యమే 'నన్నెందుకు ఇచ్చేశారు?' అని వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు మేనత్త దగ్గర ఉండకపోవచ్చు. ఉన్నా, ముక్కూ మొహం తెలియని మనిషికి ఉత్తరంలో రాసేంత ధైర్యం ఆవిడకు ఉండాలి. ఫోటోలో ఉన్నది ఎవరెవరని అడిగితే మాత్రం జవాబు రావచ్చు. అందుకే ఆమె అదొక్కటే అడిగింది.

మొదటి చిత్తులో 'మూడో ఆవిడ మా అమ్మే కదా, ఆ పాపను నేనే కదా?' అని రాసుకుంది. పాప చేతులకు నల్లపూసల గాజులున్నాయి. అలాంటివే తన చిన్ననాటి గాజులు పెంచిన తల్లి పెట్టెలో ఉండటంతో అలా అనుకుంది. పంపేముందు ఆ వాక్యాన్ని కొట్టేసింది. మంచి పనే చేసింది. 'ఈవిడే కదా?' అని ఆశగా అడిగితే, పెద్దవాళ్లు కాదనలేక 'అవునమ్మా' అంటారు. అది అబద్ధమాడటం కాదు, ఎదుటి మనిషి మనసు నొప్పించలేకపోవడం. అలా వచ్చిన జవాబుతో జీవితాంతం తప్పు మనిషిని అమ్మ అనుకునే ప్రమాదం ఉంది. మన ఊహ ఏమిటో అవతలివాళ్లకు తెలియకూడదు.

ఇంకో చిక్కు, కవరు ఎవరు చింపుతారన్నది. మేనత్త కొడుకూ కోడళ్లతో ఉంటోంది. కళ్లజోడు చేతికందకపోతే ఉత్తరం కోడలు పైకి చదువుతుంది. అన్నయ్య ఒక బిడ్డను దత్తత ఇచ్చాడని ఆ ఇంట్లో ఎంతమందికి తెలుసో మనకు తెలియదు. అందుకే నడి హాల్లో గట్టిగా చదివినా ఎవరూ ఇబ్బంది పడకుండా ఉత్తరం సాగాలి. విషయం అత్తయ్యకు అర్థం కావాలి, చదివే మనిషికి మాత్రం పాత ఫోటో గురించిన వాకబులా కనిపించాలి. వాట్సాప్‌లో ఫోటో పంపకపోవడానికీ కారణం ఇదే. ఒక్క ఫార్వర్డుతో అది బంధువుల గ్రూపంతా తిరుగుతుంది.

ఉత్తరం ఇది:

"అత్తయ్య గారికి నమస్కారాలు.

నేను ఫలానా వారి అమ్మాయిని. నేను పుట్టింది 1983లో, మీ ఊళ్లోనే. మా అమ్మ పోయిన ఏడు కాలం చేసింది. ఆవిడ బీరువాలో ఒక పాత ఫోటో దొరికింది. అందులో మీరూ ఉన్నారని పెద్దలు చెప్పారు. దాని నకళ్లు రెండు పంపుతున్నాను. ఒకటి మీరు ఉంచుకోండి. రెండోదాని మీద నంబర్లు వేశాను. వెనక వరసలో ఎడమ నుంచి 1, 2, 3, 4. కుర్చీల్లో 5, 6. కింద కూర్చున్న బాబు 7. మూడో నంబరు వారు ఎత్తుకున్న పాప 8.

ఒక్కో నంబరు ఎదుట ఆ మనిషి పేరు, మీకు ఏమవుతారో రాస్తే చాలు. నాకు ఏమవుతారో లెక్కగట్టక్కర్లేదు. సొంతంగా గుర్తున్నదైతే 'గుర్తు' అని, ఎవరైనా చెప్పగా విన్నదైతే 'విన్నాను' అని రాయండి. గుర్తు లేకపోతే ఖాళీగా వదిలేయండి. రాయడం ఇష్టం లేనిచోట కూడా ఖాళీగా వదిలేయొచ్చు, ఎందుకని నేను అడగను.

ఈ ఫోటో ఎప్పుడు దిగారో తెలిస్తే చెప్పండి. ఏ సంవత్సరమో గుర్తు లేకపోయినా ఫరవాలేదు. ఉప్పెనకు ముందా, తర్వాతా? రామారావు గారు పార్టీ పెట్టకముందా, పెట్టాకా? అప్పుడు మీరు ఎన్నో తరగతి?

సొంత చిరునామా రాసి, స్టాంపు అంటించిన కవరు లోపల పెట్టాను. మాట్లాడాలనిపిస్తే ఫోను నంబరు కింద ఉంది. జవాబు రాయకపోయినా నాకు మీ మీద ఏ కోపమూ ఉండదు.

మీ మేనకోడలు"

ఈ ఉత్తరంలో ఒక్కో మాట వెనకా ఆలోచన ఉంది. 'మీకు ఏమవుతారో' అని అడగడమే చూడండి. మన వరసలు చెప్పే మనిషిని బట్టి మారిపోతాయి. అత్తయ్యకు వదిన అయిన మనిషి ఈమెకు తల్లి కావచ్చు, పెద్దమ్మ కావచ్చు, పిన్ని కావచ్చు. అవతలివాళ్లు తమ వైపు నుంచి కొన్ని, మన వైపు నుంచి కొన్ని వరసలు కలిపి చెప్పారంటే చిక్కుముడి పడుతుంది. అందుకే లెక్కంతా ఒకరి వైపు నుంచే సాగాలి. పేరు కూడా ఉండాల్సిందే, ఎందుకంటే పక్కింటివాళ్లను కూడా మనం బాబాయ్ అనే పిలుస్తాం. పేరొక్కటే ఉన్నా చాలదు. తాత పేరే ముగ్గురు మనవళ్లకు పెట్టుకునే ఇళ్లు మనవి.

ఉప్పెన అంటే 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన తుపాను. డెల్టాలో ఆ వయసువాళ్లు ఏ సంగతి చెప్పినా దానికి ముందో వెనకో అంటారు. తెలుగుదేశం పార్టీ పుట్టింది 1982 మార్చిలో. సంవత్సరం అడిగితే తడబడే మనిషి ఈ రెండు గుర్తుల మధ్య ఫోటోను ఎక్కడ పెట్టాలో ఇట్టే చెప్పేస్తుంది.

ఫోటో కూడా కొంత చెబుతుంది. కుర్చీల్లో కూర్చున్నది ఇంటిపెద్దలు. పిల్లాడి గుండు చూస్తే ఏదో మొక్కు తీర్చుకుని వచ్చినట్టుంది, కాబట్టి ఎవరో ప్రయాణమై వచ్చిన సందర్భం కావచ్చు. ఇంతకు మించి ఊహించకపోవడమే మేలు. ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారన్నది చాలాసార్లు ఫోటోగ్రాఫరు ఎత్తులు చూసి సర్దినదే. ఎవరి పక్కనో ఉన్నంత మాత్రాన ఇద్దరూ మొగుడూ పెళ్లాలు కారు. చేతిలో పాప ఉన్నంత మాత్రాన తల్లీ కాదు.

అసలు ఫోటోను మాత్రం ఆమె గడప దాటనివ్వలేదు. స్కాన్ చేయించి, ఏ4 కాగితం మీద పెద్దదిగా ప్రింటు తీయించి, నంబర్లు ఆ నకలు మీదే వేసింది. అసలు ఫోటో వెనక బాల్‌పెన్‌తో రాస్తే ఆ నొక్కుడు ముందువైపు మొహాల మీద గీతలా తేలుతుంది. స్టూడియో ముద్ర ఉన్న వెనక వైపును కూడా స్కాన్ చేయించి దాచుకుంది.

కొన్ని వారాలకు కవరు తిరిగొచ్చింది. పిల్లల నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం మీద గుండ్రటి అక్షరాలు. 1 మా బావ. 2 మా అన్నయ్య. 3 మా అక్క. 4 నేను. 5, 6 నాన్న, అమ్మ. 7 అక్క పెద్దకొడుకు, తిరుపతిలో గుండు చేయించుకుని వచ్చారు. 8 అక్క రెండో పిల్ల. అన్నిటికీ ఎదురుగా పేర్లు, పేర్ల పక్కన 'గుర్తు' అనే మాట. కింద రెండు వాక్యాలు: "ఉప్పెన వచ్చాక రెండో వేసవి, నేను టెన్త్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. అప్పటికి అన్నయ్యకు పెళ్లి కాలేదు."

ఉప్పెన వచ్చాక రెండో వేసవి అంటే 1979. ఆ ఫోటోలో ఆమె తల్లి లేదు, ఆమె కూడా లేదు. ఇన్నాళ్లూ అమ్మ అనుకుని చూసుకున్నావిడ పెద్ద మేనత్త. తానే అనుకున్న పాప వరసకు వదిన. తండ్రి మాత్రం ఉన్నాడు, అయితే ఆమె అనుకున్న మీసాల మనిషి కాదు, పక్కన చేతిగడియారం పెట్టుకుని బిగుసుకుపోయి నిలబడ్డ కుర్రాడు. ఆ రోజు ఆమె బాధపడిన మాట నిజం. కానీ 'కదా' అని అడిగి ఉంటే ఏం జవాబు వచ్చేదో తలుచుకుని, ఈ బాధే నయమంది.

ఈ వాకబును చాదస్తమనీ, పెంచినవాళ్ల మీద ప్రేమ లేకపోవడమనీ అనేవాళ్లుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. 1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టం ప్రకారం దత్తత జరిగిన రోజు నుంచి బిడ్డకు పెంచిన ఇల్లే సొంత ఇల్లు, పుట్టింటితో బంధం తెగినట్టే. కానీ ఈ మాట చెప్పే సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది. పుట్టింట్లోనే పెరిగి ఉంటే ఎవరిని పెళ్లాడకూడదో, దత్తత వెళ్లాక కూడా వారిని పెళ్లాడకూడదు. అంటే రక్తసంబంధీకులు ఎవరెవరో తెలిసి ఉండాలని చట్టమే అనుకుంటోంది. చెప్పేవాళ్లు మాత్రం ఒకరొకరుగా వెళ్లిపోతున్నారు.

సంస్థల ద్వారా దత్తత వెళ్లినవాళ్ల దారి వేరు. మూలాల అన్వేషణకు 2022 దత్తత నిబంధనల్లో వీలుంది. అయితే ఆ పని దత్తత వెళ్లిన వ్యక్తి తరఫున ఇంకొకరు చేయకూడదు. కన్నవాళ్ల వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కుకు భంగం రాకూడదన్నది కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. మన కథలోని ఉత్తరం రక్తబంధువుకు నేరుగా వెళ్లింది, మధ్యలో ఏ కార్యాలయమూ లేదు. అందుకే అవతలివాళ్ల గోప్యత కాపాడాల్సిన బాధ్యత కూడా ఉత్తరం రాసిన మనిషి మీదే పడింది. ఖాళీగా వదిలేయొచ్చన్న ఆ వాక్యం అందుకే ఉంది.

మేనత్త ఆ వాక్యాన్ని వాడుకోలేదు. అయితే తన వదిన, అంటే ఈమె తల్లి గురించి ఒక్క ముక్కా రాయలేదు. అది మరిచిపోవడం కాదని ఈమెకు తెలుసు. రెండో ఉత్తరం ఇప్పుడు రాస్తోంది. అందులోనూ తల్లి గురించి నేరుగా అడగడం లేదు. రెండే ప్రశ్నలు. అన్నయ్య గారి పెళ్లి ఫోటో ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉందా? తాను పుట్టడానికి నాలుగేళ్ల ముందు దిగిన ఈ ఫోటో, దత్తత పత్రంతో పాటు తమ ఇంటికి ఎవరు పంపించారు?